రికార్డింగులు చూసి ట్రిప్ రిపోర్ట్ రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఆరుగురున్న సాఫ్ట్‌వేర్ టీమ్‌లో పనిచేస్తున్నాను. ఆఫీసు ఖర్చుతో మూడు రోజుల కాన్ఫరెన్స్‌కి వెళ్లొచ్చాను. రెండో రోజు మా సిస్టమ్ మొరాయించడంతో హోటల్ గదిలోనే కూర్చుని ఆ పని చూడాల్సి వచ్చింది, సగం సెషన్లు పోయాయి. ఇప్పుడు రికార్డింగులు వచ్చాయి, ఇరవై పైనే. "ఏం నేర్చుకున్నావు, మనం ఏం చేయాలి, రాసి వచ్చే శుక్రవారానికి ఇవ్వు" అన్నారు మేనేజర్. వరసగా చూస్తూ పద్నాలుగు పేజీలు రాశాను, నాకే చదవబుద్ధి కావడం లేదు. పైగా నా బదులు వెళ్లాలనుకున్న సీనియర్ ఒకాయన "వీడియోలు చూసి రాసేదానికి అంత దూరం వెళ్లడం ఎందుకు" అని అందరి ముందూ అన్నారు. వీడియోలో చూసినవని రిపోర్ట్‌లో చెప్పాలా వద్దా? డేటాబేస్ మార్పుల సెషన్ మీద, మైక్రోసర్వీసుల సెషన్ మీద నేను రాసిన పేజీలు పంపుతున్నాను. చూసి చెప్పండి.

సమాధానం: చెప్పండి. ఒక్క వాక్యం చాలు: "ఈ సెషన్లు అక్కడ విన్నాను, ఇవి రికార్డింగులో చూశాను." కారణం కూడా అరవాక్యంలో రాసేయండి, ఆ రోజు మీరు ఊరు చూడ్డానికి వెళ్లలేదు, ఆఫీసు పనే చేశారు. ఇది దాచి, తర్వాత ఎవరైనా "ఆ స్పీకర్‌ని ఫలానా విషయం అడగలేకపోయావా" అంటే మీ దగ్గర జవాబు ఉండదు, అప్పుడు మిగతా రిపోర్ట్ మీద కూడా అనుమానం వస్తుంది. ముందే చెప్పేస్తే అది మామూలు సమాచారం, అంతే.

ఇక అసలు చిక్కు పద్నాలుగు పేజీలు. మీరు పంపిన రెండు పేజీలు చూస్తే మీరు కష్టపడలేదని ఎవరూ అనరు. కానీ ఆ రాతలో మూడు వేర్వేరు పనులు కలిసిపోయాయి. ఒకటి, ఖర్చుకి లెక్క చెప్పడం (ఇన్ని సెషన్లు చూశాను, చూడండి). రెండోది, తర్వాత ఎవరైనా వెతుక్కోవడానికి నోట్స్. మూడోది, మేనేజర్ దేనికి అవును అనాలో, దేనికి కాదు అనాలో ఆయన ముందు పెట్టడం. మీ మేనేజర్ అడిగింది మూడోది. మీరు రాసింది మొదటి రెండూ. సీనియర్ మాట మనసులో పెట్టుకుని రాస్తే ఎవరికైనా ఇలాగే వస్తుంది, ప్రతి పేజీ "నేను ఖాళీగా లేను" అని చెప్పుకుంటూ ఉంటుంది.

కాబట్టి ఇంకో వీడియో తెరిచే ముందు మేనేజర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "ఇది చదివాక మీరు దేని మీద నిర్ణయం తీసుకోవాలి, ఇంకెవరికైనా పంపుతారా?" ఆయన జవాబుని బట్టి మీ దారి మారుతుంది. "వచ్చే మూడు నెలల పనుల్లో ఏం చేర్చాలో చూస్తాను" అంటే ఒక పేజీ సిఫార్సులు, వెనక అనుబంధంగా నోట్స్. "పై వాళ్లకి పంపాలి" అంటే అదే పేజీ, కాకపోతే సాంకేతిక మాటలు తగ్గించి, ఖర్చుకి ఏం వచ్చిందో మొదటి పేరాలో. "ఊరికే రికార్డు కోసం" అన్నారా, అప్పుడు మీ పద్నాలుగు పేజీలు నాలుగైదుకి కోసి ఇచ్చేయండి, దాని మీద ఇంకో వారం పోగొట్టుకోవద్దు. చాలామంది మేనేజర్లు మొదటిదే అంటారని నా అంచనా, మిగతా సమాధానం అది అనుకునే రాస్తున్నాను.

ముందు వీడియోల సంగతి. ఇరవై రికార్డింగులూ మొదటినుంచి చివరిదాకా చూడటం వద్దు. శ్రద్ధగా చూసి, ఆపి, స్లైడు చదివి నోట్స్ రాసుకుంటే నలభై నిమిషాల సెషన్ తేలిగ్గా గంటన్నర తింటుంది, శుక్రవారంలోపు మీకు అంత టైమ్ లేదు. ముందు ఒక కాగితం మీద మీ టీమ్‌ని ఈ మధ్య ఏడిపించిన విషయాలు రాయండి, నాలుగో ఐదో. తర్వాత సెషన్ల పేర్లు, సారాంశాలు పక్కన పెట్టుకుని దేనికి ఏది తగులుతుందో చూడండి. ఏదీ తగలని సెషన్ ఎంత గొప్పదైనా ఈ రిపోర్ట్‌కి పనికిరాదు, సరదాకి తర్వాత చూసుకోండి. తగిలినవాటిలో కూడా మొదటి ఐదు నిమిషాలు, చివరి స్లైడ్లు, ప్రశ్నలు–జవాబుల భాగం చూశాకే మొత్తం చూడాలో లేదో తేల్చుకోండి.

ప్రశ్నలు–జవాబుల భాగం ఎందుకంటే, వేదిక మీద అంతా సాఫీగా సాగిన కథ అక్కడికొచ్చేసరికి కాస్త తడబడుతుంది. "మరి పాత డేటా సంగతేంటి?" అని ఎవరో అడుగుతారు, "అది మేమింకా చేతితోనే చేస్తున్నాం" అని జవాబు వస్తుంది. ఆ ఒక్క వాక్యం మీ రిపోర్ట్‌లో పది స్లైడ్ల విలువ చేస్తుంది. రికార్డింగుల్లో ఒక ఇబ్బంది ఉంది, అడిగేవాళ్ల దగ్గర మైకు లేకపోతే ప్రశ్న వినపడదు, జవాబు మాత్రమే వినపడుతుంది. అప్పుడు ప్రశ్న ఇదై ఉంటుందని ఊహించి రాయకండి, "ప్రశ్న వినపడలేదు, జవాబు ఇది" అని రాయండి. ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్‌ని కూడా అంతగా నమ్మొద్దు, సాంకేతిక పేర్లు, అంకెలు, ముఖ్యంగా "కాదు", "లేదు" లాంటి చిన్న మాటలు అక్కడే తప్పుతాయి. అంకె కనిపిస్తే స్లైడు మీద సరిచూసుకోవాల్సిందే.

ప్రతి విషయం పక్కన వీడియోలో ఏ నిమిషమో రాసుకోండి. యూట్యూబ్‌లో ఉంటే లింకు చివర సెకన్లు చేర్చవచ్చు, 22 నిమిషాల 5 సెకన్లంటే `&t=1325s`. మేనేజర్‌కి అనుమానం వస్తే నొక్కి రెండు నిమిషాలు చూస్తారు, మీరు ఆ స్లైడుని మూడు పేరాల్లో వర్ణించక్కర్లేదు. రికార్డింగులు టికెట్ కొన్నవాళ్లకి మాత్రమే ఇచ్చినవైతే దించుకుని ఆఫీసు డ్రైవ్‌లో పెట్టకండి, ముందు నిర్వాహకుల షరతులు చదవండి. లింకు ఎప్పటిదాకా పనిచేస్తుందో కూడా చూసుకోండి, అనుబంధంలో రాయాలి.

ఇప్పుడు మీ డేటాబేస్ పేజీ. ఒకటింపావు పేజీ స్పీకర్ చెప్పింది చెప్పినట్టు రాసి, చివర్లో "పాఠం: మైగ్రేషన్లు జాగ్రత్తగా చేయాలి. చర్య: టీమ్‌లో చర్చించాలి" అన్నారు. దీనికి మేనేజర్ "సరే" తప్ప ఏమీ అనలేరు. అజాగ్రత్తగా చేద్దామని ఎవరైనా అంటారా? ఒక పాఠం పనికొచ్చేదో కాదో తెలుసుకోవడానికి నేను చూసేది ఇదే, దానికి ఎదురు మాట చెప్పగల మనిషి టీమ్‌లో ఒక్కరైనా ఉండాలి.

ఆ సెషన్‌లో నిజంగా ఉన్న విషయం చాలా పదునైనది, మీ నోట్స్‌లోనే మధ్యలో ఎక్కడో పడి ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో `ALTER TABLE` చాలా రకాల మార్పులకి ఆ టేబుల్ మొత్తాన్ని తన ఒక్కదానికే కావాలంటుంది, దాన్ని `ACCESS EXCLUSIVE` లాక్ అంటారు. మార్పు మిల్లీసెకన్లలో అయిపోయేదే కావచ్చు. కానీ అదే సమయంలో ఆ టేబుల్ మీద ఒక పెద్ద రిపోర్ట్ క్వెరీ ఐదు నిమిషాలుగా నడుస్తుంటే `ALTER` దాని కోసం ఆగుతుంది. అంతవరకూ నష్టం లేదు. నష్టం ఎక్కడంటే, `ALTER` తర్వాత వచ్చిన మామూలు `SELECT`లు కూడా దాని వెనకే వరసలో నిలబడిపోతాయి. మార్పు ఇంకా మొదలే కాలేదు, అయినా అప్లికేషన్ మొత్తం ఆగిపోయినట్టు కనిపిస్తుంది. స్పీకర్ చెప్పిన మందు చిన్నది:

```sql
SET lock_timeout = '2s';
ALTER TABLE orders ADD COLUMN note text;
```

రెండు సెకన్లలో లాక్ దొరకకపోతే మార్పు విఫలమై తప్పుకుంటుంది, వెనక ఉన్నవాళ్లు కదులుతారు, కాసేపాగి మళ్లీ ప్రయత్నించవచ్చు.

ఇక్కడిదాకా స్పీకర్ చెప్పింది. మీ రిపోర్ట్ విలువ ఇక్కడినుంచి మొదలవుతుంది, ఎందుకంటే ఇకపై రాసేది మీ టీమ్ గురించి. అర్ధగంట కూర్చుని మీ మైగ్రేషన్ ఫైళ్లలో `lock_timeout` అని వెతకండి, ఎన్నిట్లో ఉందో చూడండి. `CREATE INDEX` అని వెతికి పక్కన `CONCURRENTLY` లేనివి లెక్కపెట్టండి, ఆ మాట లేకుండా ఇండెక్స్ కడితే అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌లోకి రాతలు ఆగిపోతాయి, చదవడాలు మాత్రం నడుస్తాయి. గత కొన్ని నెలల్లో రిలీజ్ సమయంలో సిస్టమ్ ఆగిన సంఘటనలు మీ ఇన్సిడెంట్ రికార్డుల్లో ఏమున్నాయో తీయండి. మీరు హోటల్ గదిలో కూర్చున్న రోజు సమస్య కూడా ఈ బాపతేనేమో చూడండి. అదే అయితే రిపోర్ట్‌కి అంతకంటే మంచి మొదటి వాక్యం దొరకదు, కాకపోతే బలవంతంగా అతికించవద్దు.

అప్పుడు ఆ భాగం ఇలా వస్తుంది. చూసి అచ్చంగా దించుకోకండి, ఖాళీలు మీవి:

"డేటాబేస్ మార్పు లాక్ కోసం ఎదురు చూస్తున్నప్పుడు ఆ టేబుల్ మీద కొత్తగా వచ్చే క్వెరీలన్నీ దాని వెనక ఆగిపోతాయి (రికార్డింగ్, 22వ నిమిషం). మన మైగ్రేషన్ ఫైళ్లు వెతికితే ఎక్కడా `lock_timeout` లేదు. ఫలానా రిలీజ్‌లో వచ్చిన ఆటంకం దీనివల్లే అనిపిస్తోంది, లాగ్స్‌తో నిర్ధారించాలి. సిఫార్సు: అన్ని మైగ్రేషన్లకీ రెండు సెకన్ల పరిమితిని డిఫాల్ట్‌గా పెట్టడం. పని ఒక రోజు, నేను చేస్తాను. దీనివల్ల కొన్ని మైగ్రేషన్లు మొదటిసారి విఫలమవుతాయి, మళ్లీ నడపాల్సి వస్తుంది. వచ్చే నాలుగు రిలీజుల్లో ఎన్నిసార్లు విఫలమైందో చూసి పరిమితి సరిచేస్తాం."

గమనించారా, స్పీకర్ చెప్పింది ఒక వాక్యం, మిగతాదంతా మీ ఇంటి సంగతి. "అనిపిస్తోంది", "నిర్ధారించాలి" అన్న మాటలు కావాలనే పెట్టాను. స్పీకర్ చెప్పింది, స్పీకర్ రుజువు చూపించింది, మీరు అనుకుంటున్నది, ఈ మూడూ చదివేవాళ్లకి విడివిడిగా తెలియాలి. నష్టాన్ని కూడా మీరే చెప్పాలి. చెప్పకపోతే మీటింగులో సీనియర్ చెప్తారు, అప్పుడు అది మీరు చూసుకోని లోపంలా కనిపిస్తుంది.

ఇండెక్స్ విషయంలో కూడా ఇంతే. `CONCURRENTLY` వాడండి అని రాసి వదిలేస్తే సగం పాఠమే. అది మామూలుకంటే ఎక్కువసేపు పడుతుంది, ట్రాన్సాక్షన్ లోపల నడవదు, మైగ్రేషన్ టూల్స్‌లో కొన్ని ప్రతిదాన్నీ ట్రాన్సాక్షన్‌లో చుట్టేస్తాయి కాబట్టి ముందు దాన్ని ఆపాలి. మధ్యలో విఫలమైతే `INVALID` అనే గుర్తుతో పనికిరాని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, దాన్ని తీసేసి మళ్లీ కట్టాలి. మీ టూల్ ఎలా చేస్తుందో చూశాకే సిఫార్సు రాయండి, చూడ్డానికి టైమ్ లేకపోతే సిఫార్సు "చూడాలి" అనే రాయండి, "వాడాలి" అని కాదు.

మీ పేజీలో ఇంకొకటి నాకు తేడాగా కనిపించింది. "కొత్త కాలమ్‌కి డిఫాల్ట్ విలువ ఇస్తే టేబుల్ మొత్తం తిరగరాయబడుతుంది, కాబట్టి ఇవ్వకూడదు" అని రాశారు. ఇది ఒకప్పుడు నిజం. 2018లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 11 నుంచి మారని స్థిర విలువ ఇస్తే టేబుల్ తిరగరాయదు, ప్రతి వరుసకీ కొత్తగా లెక్కకట్టాల్సిన విలువైతేనే తిరగరాస్తుంది. స్పీకర్ పాత వెర్షన్ అనుభవం చెప్పారేమో, లేక ఈ షరతుని మీరు రాసుకునేటప్పుడు వదిలేశారేమో, ఆ నిమిషం మళ్లీ చూడండి. తర్వాత మీ డేటాబేస్‌లో `SHOW server_version;` కొట్టి చూడండి. వేదిక మీద చెప్పిన ప్రతి సాంకేతిక నియమానికీ ఒక వెర్షన్ ఉంటుంది, రిపోర్ట్‌లో పెట్టేముందు అధికారిక డాక్యుమెంటేషన్‌లో ఐదు నిమిషాలు వెతకడం తప్పనిసరి. టీమ్‌లో ఎవరో ఒకరు ఈ ఒక్క తప్పు పట్టుకున్నా మిగతా పేజీలన్నీ తేలిపోతాయి.

మైక్రోసర్వీసుల పేజీకి వస్తే, మీకు ఆ సెషన్ బాగా నచ్చిందని తెలిసిపోతోంది. బాగుంటుంది కూడా, అలాంటివి బాగా చెప్పడం వచ్చినవాళ్లే చెప్తారు. కానీ ఆ కంపెనీలో ఎన్ని టీమ్‌లు, మీ దగ్గర ఎంతమంది? ఒకే కోడ్ మీద చాలా టీమ్‌లు పనిచేస్తూ ఒకరి రిలీజ్ కోసం ఇంకొకరు ఆగాల్సి వస్తున్నప్పుడు దాన్ని ముక్కలు చేయడంలో లాభం ఉంది. ఆరుగురే ఉన్నచోట ఆ ఎదురుచూపు అంతగా ఉండదు, ముక్కలు చేశాక వచ్చే నెట్‌వర్క్ తలనొప్పులు, విడివిడి రిలీజులు, నిఘా మాత్రం ఆ ఆరుగురి మీదే పడతాయి. నా అభిప్రాయం ఇది, మీ సిస్టమ్ నాకు తెలియదు కాబట్టి తేల్చాల్సింది మీరే. ఒకవేళ మీకూ అలాగే అనిపిస్తే ఆ సెషన్‌ని రిపోర్ట్‌లోంచి తీసేయకండి. "చూశాను, ఇప్పుడు వద్దంటున్నాను, కారణం ఇది, రెండో టీమ్ వచ్చినప్పుడు మళ్లీ చూద్దాం" అని నాలుగు వాక్యాలు రాయండి. ఆ వీడియో రేపు మేనేజర్‌కి ఇంకెవరో పంపుతారు, అప్పటికి జవాబు సిద్ధంగా ఉంటుంది. అన్నిటికీ "చేద్దాం" అన్న రిపోర్ట్ కంటే ఒకదానికైనా "వద్దు" అన్న రిపోర్ట్‌ని మేనేజర్లు ఎక్కువ నమ్ముతారు.

మొత్తం సిఫార్సులు మూడు దాటనివ్వకండి. ఆరుగురు రోజువారీ పని చేసుకుంటూ మూడు కొత్త పనులు చేయడమే ఎక్కువ. ప్రతిదానికీ ఎవరు చేస్తారో ఉండాలి, అయితే అడగకుండా వేరేవాళ్ల పేరు రాయకండి. తన పేరు మేనేజర్ మెయిల్‌లో మొదటిసారి చూసిన మనిషి ఆ పనిని ఎలా చేస్తాడో మీకు తెలుసు.

రూపం విషయంలో మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి నేను పైన చెప్పిన ఒక పేజీ, వెనక అనుబంధం. దీంతో నిర్ణయాలు త్వరగా వస్తాయి, కానీ టీమ్‌కి అది పైనుంచి దిగినట్టు అనిపించవచ్చు. రెండోది, ఆ పేజీని చిత్తుప్రతిగా పెట్టుకుని ముందు టీమ్‌తో ముప్పావుగంట కూర్చోవడం, వీడియోల్లోంచి రెండు మూడు ముక్కలు చూపించి, మన కోడ్‌లో దొరికింది చూపించి, చేద్దామా వద్దా అని మాట్లాడటం, తర్వాత రిపోర్ట్ ఇవ్వడం. ఇందులో మీ సిఫార్సుల్లో ఒకటి కొట్టుకుపోవచ్చు, శుక్రవారం గడువు కూడా బిగుసుకుంటుంది, కానీ మిగిలినవాటికి చేసే మనుషులు అక్కడికక్కడే దొరుకుతారు. మీటింగ్ ఒక్కటే పెట్టి రాత మానేయడం మాత్రం వద్దు, రెండు నెలల తర్వాత ఎవరికీ ఏదీ గుర్తుండదు.

సీనియర్ సంగతి. ఆయన అన్న తీరు బాగోలేదు కానీ ప్రశ్నలో పస ఉంది, వీడియోలు ఇంట్లో కూర్చునీ చూడొచ్చు. కాబట్టి వీడియోలో దొరకనిది మీ దగ్గర ఏముందో వెతకండి. ఉన్న రోజుల్లో కాఫీ దగ్గర ఎవరితోనైనా మాట్లాడారా, స్పీకర్‌ని విడిగా ఏమైనా అడిగారా, ఏ టూల్ గురించి వేదిక మీద పొగడ్తలు, బయట గొణుగుళ్లు వినిపించాయి? అవి రిపోర్ట్‌లో చిన్న పేరాగా పెట్టండి, చెప్పినవాళ్ల పేర్లు, కంపెనీల పేర్లు లేకుండా, ఎందుకంటే వాళ్లు మీతో మాట్లాడారు, మీ ఆఫీసుతో కాదు. అలాంటివేమీ లేకపోతే లేవు, కల్పించి రాయకండి. ఇప్పటికైనా ఆ డేటాబేస్ స్పీకర్‌కి ఒక మెయిల్ రాయవచ్చు, "మీరు రెండు సెకన్లే ఎందుకు ఎంచుకున్నారు, ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నిస్తారు" అని. "మీ సెషన్ విన్నాను" అని మొదలై ఇలా ఒకట్రెండు ప్రశ్నలతో ముగిసే మెయిల్‌కి జవాబిచ్చేవాళ్లు తక్కువేం కాదు. జవాబు శుక్రవారంలోపు రాకపోతే రిపోర్ట్ ఆపకండి, వచ్చాక అనుబంధంలో చేర్చండి.

బుధవారానికల్లా ఒక పేజీ తయారైతే మేనేజర్‌కంటే ముందు ఆ సీనియర్‌కే చూపించడం గురించి ఆలోచించండి. "మైగ్రేషన్ భాగంలో తప్పుంటే చెప్పండి" అని అంతవరకే అడగండి, మొత్తం మీద అభిప్రాయం అడగొద్దు. ఆయన ఏదైనా సరిదిద్దితే రిపోర్ట్ మెరుగవుతుంది, ఆయన పేరు కింద రాయవచ్చు. చూడనంటే, లేదా మళ్లీ ఎత్తిపొడిస్తే, ఆ భాగాన్ని డేటాబేస్ తెలిసిన ఇంకొకరికి చూపించి శుక్రవారం పంపేయండి.